అనుభవం లేనివారి చేతిలో మూడు నమూనాలు

గత వేసవి సెలవుల్లో మా దగ్గరికి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి వచ్చింది. ఇంటి నుంచే వెబ్‌సైట్లకు చిన్న వ్యాసాలు, వీడియోలకు స్క్రిప్టులు రాసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని ఆమె ఆలోచన. తెలిసిన ఒకరి ద్వారా ఒక వెబ్‌సైట్ వాళ్ళకు ఫోన్ చేసిందట. వాళ్ళు చదువు గురించి గాని, వయసు గురించి గాని అడగలేదు. "ఇంతకుముందు రాసినవి రెండు మూడు పంపండి, చూస్తాం" అన్నారట. "ఇంతకుముందు ఏమీ రాయలేదు సార్. పని ఇస్తేనే కదా రాసేది! రాసింది చూపిస్తేనే పని ఇస్తామంటే ఎట్లా?" అని మమ్మల్ని నిలదీసింది.

ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు వెతుక్కుంటూ ఆ అమ్మాయితో పాటు మేమూ రెండు నెలలు నేర్చుకున్నాం. మన సంఘం దాతల్లో దుకాణాలు నడిపేవారు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు చూసుకునేవారు చాలామంది ఉన్నారు. చదువుకున్న ఆడపిల్లలు ఇంట్లో ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. రాసేవారికి, రాయించుకునేవారికి ఇద్దరికీ పనికొస్తుందని ఆ రెండు నెలల సంగతి ఇక్కడ వివరిస్తున్నాం.

క్లయింట్ అడిగింది అనుభవం కాదు

పని ఇచ్చేవారిని ఈ రంగంలో క్లయింట్ అంటారు. "రాసినవి పంపండి" అన్నప్పుడు క్లయింట్ తెలుసుకోవాలనుకునేది మూడే విషయాలు. ఈ మనిషి రాసింది చదివితే అర్థమవుతుందా? చెప్పిన విషయం నిజమేనా, సొంతంగా రాసిందేనా? మేం దిద్దుకోవలసింది ఎంత ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు ఒక మంచి నమూనాలో దొరుకుతుంది. అది ఎవరో డబ్బిచ్చి రాయించుకున్నది కావాలనే నియమం లేదు. దర్జీ దగ్గర పని అడగడానికి వెళ్ళిన కుర్రాడు తన చొక్కా తానే కుట్టుకుని తొడుక్కుని వెళితే చాలదా? ఇదీ అంతే.

నమూనాలు ఎన్ని కావాలి? మూడు చాలు. ఒక వ్యాసం, ఒక వీడియో స్క్రిప్టు, ఒక వ్యాపారానికి సంబంధించిన పేజీ. పది పంపితే చదివే తీరిక ఎవరికీ ఉండదు. పైగా పదింటిలో బలహీనంగా ఉన్న ఒక్కటి చాలు, మిగతా తొమ్మిదింటినీ పడగొట్టడానికి.

మొదటి వ్యాసం: తప్పు మాదే

ఆ అమ్మాయిని ఏదైనా ఒక విషయం మీద వ్యాసం రాసుకు రమ్మన్నాం. వాళ్ళ అబ్బా గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్లు ఇళ్ళకు చేరవేస్తారు. అందుకని వంటగ్యాస్ గురించి రాసింది. మొదటి వాక్యాలు ఇలా ఉన్నాయి: "మానవ జీవితంలో అగ్ని ప్రాముఖ్యత ఎనలేనిది. ఆదిమానవుడు రాళ్ళను రాపిడి చేసి నిప్పు పుట్టించిన నాటి నుండి నేటి వరకు..." రెండు పేరాలు గడిచినా సిలిండర్ రాలేదు. చివర "కావున ప్రతి ఒక్కరూ గ్యాస్‌ను జాగ్రత్తగా వాడుదురు గాక" అని ముగించింది.

చదివి మేం నవ్వలేకపోయాం. ఎందుకంటే అలా రాయడం నేర్పింది మేమే. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని బల్లగుద్ది చెప్పి, ఉపోద్ఘాతానికి రెండు మార్కులు వేసిన చేతులు ఇవి. పరీక్ష పేపరు దిద్దే ఉపాధ్యాయుడు జీతం తీసుకుంటాడు కనుక చివరిదాకా చదువుతాడు. ఫోనులో చదివే మనిషికి అలాంటి బాధ్యత లేదు. అతను ఒక ప్రశ్నతో వస్తాడు. మొదటి మూడు నాలుగు వాక్యాల్లో జవాబు కనిపించకపోతే వెనక్కి వెళ్ళిపోతాడు. పరీక్ష వ్యాసానికీ వెబ్‌సైట్ వ్యాసానికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

కనుక రాసే ముందు ఒక పని చేయాలని పెట్టుకున్నాం. ఈ వ్యాసం ఎవరు చదువుతారు, ఏ ప్రశ్నతో వస్తారు అన్నది ఒకే వాక్యంగా కాగితం పైన రాసుకోవాలి. ఆ అమ్మాయిని అడిగాం: "మీ అబ్బాని ఇళ్ళలో వాళ్ళు ఎక్కువగా ఏం అడుగుతారు?" ఆలోచించకుండా చెప్పింది: "బరువు సరిగ్గా ఉందా అని. ఇంకా, ఆయన వచ్చేశాక లీకవుతోందని ఫోన్ చేస్తారు." అదిగో, వ్యాసం దొరికింది. చదివేది ఇంటి ఇల్లాలు. ప్రశ్న: సిలిండర్ తెచ్చిన మనిషి గుమ్మంలో ఉండగానే ఏమేం చూసుకోవాలి?

రెండోసారి రాసిన మొదటి వాక్యాలు ఇవి: "సిలిండర్ తెచ్చిన మనిషి వెళ్ళిపోయాక లోపం కనిపిస్తే ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. అతను గుమ్మంలో ఉండగానే ఈ నాలుగూ చూసుకోండి: సీలు, బరువు, పరీక్ష గడువు, వాల్వు." ఆ తర్వాత నాలుగు చిన్న శీర్షికలు. ఒక్కొక్క దాని కింద ఒక పేరా. ముగింపు పేరా లేదు. నాలుగోది చెప్పడం అయిపోగానే వ్యాసం అయిపోయింది.

బరువు గురించి ఆ అమ్మాయి రాసిన పేరా ఎవరికైనా అర్థమవుతుంది. ఇంట్లో వాడే సిలిండర్‌లో గ్యాస్ బరువు 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు ఎంతో దాని పైభాగంలో ఉండే ఇనుప పట్టీ మీద రాసి ఉంటుంది. అది సిలిండర్‌కూ సిలిండర్‌కూ కొద్దిగా మారుతుంది. పట్టీ మీద 15.8 అని ఉంటే, రెండూ కలిపి తూకం 30 కిలోలు చూపాలి. "సుమారు ముప్పై కిలోలు ఉంటుంది" అని రాయడం వేరు, లెక్క చేసి చూపించడం వేరు. చదివే ఇల్లాలు తన సిలిండర్ దగ్గర నిలబడి అదే లెక్క తాను చేసుకోగలదు. క్లయింట్ కూడా ఈ పేరా దగ్గరే ఆగి, ఈ పిల్లకు విషయం తెలుసు అనుకుంటాడు.

నిజం సరిచూసుకోవడం

మూడో అంశం దగ్గర ఒక పొరపాటు దొర్లింది. ఇనుప పట్టీ మీద C-29 లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. దానిని ఆ అమ్మాయి "గ్యాస్ ఎక్స్‌పైరీ తేదీ" అని రాసింది. ఎక్కడ చదివావంటే వాట్సాప్‌లో వచ్చిందంది. వాళ్ళ అబ్బాకు చదివి వినిపించమన్నాం. ఆయన మొదటి మాటకే ఆపేశారట. "గ్యాసుకు గడువేంటి బేటీ? అది సిలిండర్‌ను మళ్ళీ పరీక్షకు పంపాల్సిన గడువు" అన్నారట. ఆయన మాటే నిజం. A అంటే జనవరి నుంచి మార్చి, B అంటే ఏప్రిల్ నుంచి జూన్, C అంటే జూలై నుంచి సెప్టెంబర్, D అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. పక్కనున్న అంకె సంవత్సరం. C-29 అంటే 2029 సెప్టెంబర్ లోపు ఆ సిలిండర్‌ను పరీక్షించాలి. ఆ గడువు దాటిన సిలిండర్ ఇంటికి వస్తే తీసుకోకూడదు.

ఇంతలో ఉంది తేడా. నలుగురూ చెప్పుకునే మాటను అలాగే దించితే, విషయం తెలిసిన క్లయింట్ ఒక్క చూపులో పట్టేస్తాడు. అప్పటి నుంచి మేం ఒక అలవాటు చేయించాం. వ్యాసంలోని ప్రతి అంకె కింద, ప్రతి తేదీ కింద, ప్రతి ఫోన్ నంబరు కింద పెన్సిలుతో గీత గీయాలి. ఒక్కొక్క గీతకూ "ఇది నాకెలా తెలుసు?" అని ప్రశ్న వేసుకోవాలి. ఆ పని చేసే మనిషో, ఆ సంస్థ వాళ్ళ సొంత వెబ్‌సైటో, ఆ వస్తువు మీదే అచ్చేసి ఉన్న మాటో ఆధారంగా ఉండాలి. గ్యాస్ లీకైనప్పుడు చేయాల్సిన అత్యవసర నంబరు 1906. ఇలాంటి నంబరులో ఒక్క అంకె తప్పితే వ్యాసం పనికిరాకుండా పోవడం ఒక్కటే కాదు, చదివిన ఇంటికి ప్రమాదం కూడా.

ఇంకో సంగతి. చదివింది మనసులో ఉండిపోయి, తెలియకుండానే ఇతరుల వాక్యం మన కలంలోంచి వస్తుంటుంది. అనుమానం ఉన్న వాక్యాన్ని రెండు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే, అదే వాక్యం ఇంకెక్కడైనా ఉంటే చాలావరకు బయటపడుతుంది. క్లయింట్ కూడా ఆ పనే చేస్తాడు. కనుక ముందు మనమే చేసుకోవడం మంచిది.

రెండో నమూనా: చెవికి రాయడం

స్క్రిప్టు కోసం కొత్త విషయం వెతకలేదు. అదే సిలిండర్ సంగతిని ఒక నిమిషం వీడియోకు తగ్గట్టు రాయమన్నాం. ఒకే విషయాన్ని కంటికోసం ఒకలా, చెవికోసం ఒకలా రాసి చూపితే రెండు పనులూ వచ్చునని క్లయింట్‌కు తెలుస్తుంది.

మొదటి ప్రయత్నంలో వ్యాసాన్నే కాస్త కుదించి తెచ్చింది. 190 మాటలున్నాయి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి గొంతెత్తి చదవమంటే రెండు నిమిషాలు దాటింది. మా పిల్లలు నలుగురితో చదివించి చూస్తే, వినేవారికి అందేలా నిదానంగా చదివినప్పుడు నిమిషానికి 90 నుంచి 100 తెలుగు మాటలు నడుస్తున్నాయి. బొమ్మ చూడడానికి మధ్యలో ఊపిరి కూడా కావాలి కనుక నిమిషం వీడియోకు 85 మాటలు చాలు. అంటే నాలుగు విషయాలూ పట్టవు. రెండే ఉంచమన్నాం: బరువు, పరీక్ష గడువు. వదిలేయడానికి ఆ పిల్ల ప్రాణం ఒప్పుకోలేదు. కానీ స్క్రిప్టు రాసేవారికి ముందుగా రావలసిన విద్య అదే.

స్క్రిప్టును రెండు వరుసలుగా రాస్తారు. ఒకవైపు చూపేది, ఒకవైపు చెప్పేది. ఆ అమ్మాయి స్క్రిప్టు మొదలు ఇలా ఉంది:

చూపేది: గుమ్మంలో సిలిండర్ దించుతున్న చేతులు.
చెప్పేది: "అన్నా, ఒక్క నిమిషం ఆగు. చూసి తీసుకుంటా."

చూపేది: ఇనుప పట్టీ మీద అంకె, బాగా దగ్గరగా.
చెప్పేది: "ఖాళీ సిలిండర్ బరువు ఇక్కడుంది. దీనికి పద్నాలుగు పాయింట్ రెండు కలపండి."

చూపేది: తూకం వేలాడుతోంది. ముల్లు 30 దగ్గర ఆగింది.
చెప్పేది: "తూకం అంత చూపించాలి. తగ్గితే అక్కడే అడగండి."

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కంటికి కనిపిస్తున్నదాన్ని నోటితో మళ్ళీ చెప్పలేదు. ముల్లు 30 దగ్గర ఆగడం బొమ్మలో ఉంది కనుక మాటలో లేదు. రెండోది, చదివే గొంతు తడబడకుండా 14.2 అనే అంకెను మాటల్లో రాసింది. వ్యాసంలో అంకె బాగుంటుంది, స్క్రిప్టులో మాట బాగుంటుంది. ఇలాంటి చిన్న జాగ్రత్తలను బట్టే రోజూ వీడియోలు తీసేవారు రాసినవారి పనితనాన్ని అంచనా వేస్తారు.

మూడో నమూనా: ఒక దుకాణం పేజీ

మొదటి రెండూ సొంతంగా రాసుకున్నవి. మూడోది నిజమైన ఒక వ్యాపారానికి రాసింది అయితే విలువ పెరుగుతుంది. మా వీధి చివర ఒక పరుపుల దుకాణం ఉంది. పాత పరుపుల దూదిని మళ్ళీ ఏకి, కొత్త గలీబు వేసి ఇస్తారు. యజమాని మాకు పాత విద్యార్థి. ఆయన అనుమతి తీసుకుని ఆ అమ్మాయి, వాళ్ళ అమ్మీ ఒక సాయంత్రం గంటసేపు దుకాణంలో కూర్చున్నారు. చేసిన పని ఒక్కటే. వచ్చినవారు, ఫోన్ చేసినవారు ఏమడిగారో నోటుపుస్తకంలో రాసుకోవడం.

అడిగినవి ఇవి. ఇంటికొచ్చి పరుపు తీసుకెళ్తారా? మా దూది మాకే ఇస్తారా, కలిపేస్తారా? ఎన్ని రోజులు పడుతుంది? అన్ని రోజులూ మేం దేనిమీద పడుకోవాలి? కొత్త దూది ఎంత కలపాలి? మొత్తం ఎంతవుతుంది? ఒక్కరు కూడా "మీ నాణ్యత ఎలాంటిది?" అని అడగలేదు. కానీ యజమాని మాత్రం పేజీ పైన "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా" అని రాయమన్నారు. ఆ అమ్మాయి కాదనలేదు. నోటుపుస్తకం తెరిచి ఆరు ప్రశ్నలూ చూపించి, "భాయ్, ఇవి అడిగేవాళ్ళకు ముందు జవాబు చెబుదామా?" అని అడిగింది. "మీ దూది మీకే ఇస్తాం, కావాలంటే ఏకేటప్పుడు దగ్గరుండి చూసుకోండి" అని ఆయన నోటితో చెప్పిన మాటే పేజీకి మొదటి వాక్యమైంది. నమ్మకానికి చిరునామా అంతకంటే ఏం కావాలి!

పేజీ మొత్తం 220 మాటలు. ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు, దుకాణం వేళలు, ఫోన్ నంబరు. ఆయన తన పేజీలో వాడుకున్నారు. నమూనాగా చూపుకోవడానికి ఒప్పుకుని, ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపారు. ఆ అనుమతి తప్పనిసరి. ఒకరికి రాసిచ్చినదాన్ని అడగకుండా ఇంకొకరికి చూపించడం ఈ వృత్తిలో మర్యాద కాదు.

చూపించే పద్ధతి

నమూనాలు సిద్ధమయ్యాక వాటిని చూపించే చోటే చాలామంది తప్పులో కాలేస్తారు. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలో టైపు చేయించుకున్న వ్యాసాన్ని వెబ్‌సైట్‌లో పెడితే అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారతాయి. వెబ్‌సైట్‌కు యూనికోడ్‌లోనే టైపు చేయాలి. మామూలు ఫోనులో తెలుగు కీబోర్డుతో కొట్టేదంతా యూనికోడే కనుక దిగులు అవసరం లేదు. ఫోనులో టైపు చేసి వాట్సాప్‌లో మనకు మనమే పంపుకుని చూసుకుంటే అక్షరాలు సరిగ్గా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

మూడు నమూనాలనూ గూగుల్ డాక్స్‌లో మూడు విడి పేజీలుగా పెట్టాం. పంపేముందు `Share` నొక్కి, `General access` కింద `Restricted` అని ఉన్నచోట `Anyone with the link` అని మార్చాలి. పక్కన `Viewer` అని ఉండాలి. `Editor` అని ఉంటే చూసినవారెవరైనా మన రాతను మార్చేయగలరు. మార్చడం మర్చిపోతే క్లయింట్ నొక్కినప్పుడు పేజీ తెరుచుకోక, అనుమతి అడగమని వస్తుంది. ఆయన అడగడు, ఇంకొకరి నమూనా చూసుకుంటాడు. అందుకే లింకును ముందుగా ఇంట్లో ఇంకొకరి ఫోనులో తెరిచి చూడాలి.

ప్రతి నమూనా పైన ఒక వాక్యం రాయించాం: "ఇది నమూనా కోసం రాసినది. ఏ సంస్థకూ రాసి ఇచ్చినది కాదు." దుకాణం పేజీ పైన మాత్రం దుకాణం పేరు, వారి అనుమతితో అన్న మాట ఉంటాయి. కొందరు పిల్లలు పెద్ద కంపెనీల పేర్లు పెట్టుకుని, వారికి రాసినట్టు చూపుతారు. ఒక్క ఫోన్‌తో బయటపడే అబద్ధం అది. నమూనా అని చెప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

క్లయింట్‌కు పంపే సందేశం కూడా నాలుగు వాక్యాలే ఉండాలి. ఆ అమ్మాయి పంపింది ఇది: "నమస్తే. మీ వెబ్‌సైట్‌లో ఇంటి విషయాల మీద వ్యాసాలు చూశాను. తెలుగులో అలాంటివి రాస్తాను, మూడు నమూనాలు ఈ కింద ఉన్నాయి. 500 మాటల వ్యాసం రెండు రోజుల్లో ఇవ్వగలను." తన కష్టాలు, తన అవసరం అందులో లేవు. మా అనుభవంలో జాలిపడి పని ఇచ్చేవారు రెండోసారి ఇవ్వరు.

ఒక దెబ్బ

ఇక్కడిదాకా వచ్చాక అంతా సాఫీగా జరిగిందని రాస్తే బాగుండేది. ఒక వెబ్‌సైట్ వాళ్ళు నమూనాలు బాగున్నాయని, పరీక్ష కోసం అని చెప్పి ఐదు వ్యాసాలు అడిగారు. డబ్బు మాట తర్వాత అన్నారు. ఆ అమ్మాయి మాతో చెప్పకుండా వారం రోజులు కూర్చుని ఐదూ రాసి పంపింది. జవాబు లేదు. నెల తర్వాత వెతికితే, ఐదింటిలో మూడు వాళ్ళ సైట్‌లోనే వేరే పేరుతో కనిపించాయి. మా దగ్గరికొచ్చి ఏడ్చింది. మేం నమూనా రాయడం నేర్పాం గాని, నమూనాకూ ఉచిత చాకిరీకీ మధ్య గీత ఎక్కడుందో చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాం. నమూనాలు చూశాక కూడా క్లయింట్ పరీక్ష పెట్టడం తప్పు కాదు. కానీ అది 150, 200 మాటల్లో తేలిపోవాలి. అంతకంటే పెద్దది అడిగితే, నచ్చినా నచ్చకపోయినా దానికి ఇంత అని ముందే ఒప్పుకోవాలి. అచ్చుకు సరిపడే పూర్తి వ్యాసాలు ఐదు అడిగారంటే వారికి కావలసింది పరీక్ష కాదు, వ్యాసాలు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసినది వంటి కొన్ని సందర్భాలు తప్పితే, రాసినవారే మొదటి హక్కుదారు. 19వ సెక్షన్ ప్రకారం ఆ హక్కును ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకంతో కూడిన కాగితం ఉండాలి. పరీక్ష కోసం పంపినంత మాత్రాన హక్కు వారికి పోదు. గూగుల్ డాక్స్‌లో `Version history` తెరిస్తే ఏ రోజు ఏ వాక్యం రాశామో కనిపిస్తుంది. ఆ తేదీలతో మర్యాదగా ఒక లేఖ రాయించాం. వారంలో ఆ మూడు పేజీలూ తీసేశారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. కోర్టుకు వెళ్ళే ఖర్చు ఆ మూడు వ్యాసాల విలువ కంటే ఎక్కువ కనుక అక్కడితో వదిలేశాం. చట్టం మనవైపు ఉండడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. అందుకే ముందు జాగ్రత్తే మేలు.

ఇంకో రకం మోసం ఇంతకంటే నేరుగా ఉంటుంది. పని ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ ఫీజనో, డిపాజిటనో ముందు డబ్బు అడుగుతారు. ఈ వృత్తిలో డబ్బు రాయించుకునేవారి నుంచి రాసేవారికే రావాలి. తిరగబడి వెళ్ళిందంటే అది పని కాదు. డబ్బు పంపుతున్నాం, ఫోనులో పిన్ కొట్టండి అన్నా నమ్మకూడదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి.

మాట లెక్క

ధర దగ్గర ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. ఈ పనిలో చాలాచోట్ల మాటకు ఇంత అని లెక్క కడతారు. ఇంగ్లిషులో రాసేవారి ధర చూసి తెలుగుకూ అదే ఒప్పుకుంటే రాసినవారు నష్టపోతారు. ఇంగ్లిషులో విడివిడిగా రాసే చిన్న మాటలు తెలుగులో పెద్ద మాటకు అతుక్కుపోతాయి. "మా ఇంట్లోంచి తెచ్చాను" అన్నది తెలుగులో మూడు మాటలు, ఇంగ్లిషులో చెప్పాలంటే ఆరేడు మాటలవుతాయి. అదే విషయం, అదే శ్రమ, కానీ లెక్కలో తెలుగు మాటలు బాగా తగ్గుతాయి. కనుక తెలుగు వ్యాసానికి మాట లెక్క కంటే వ్యాసానికి ఇంత, నిమిషం స్క్రిప్టుకు ఇంత అని మాట్లాడుకోవడం ఇద్దరికీ సుఖం. ఎన్నిసార్లు దిద్ది ఇవ్వాలో కూడా అప్పుడే అనుకోవాలి. మేం రెండుసార్లు అని పెట్టించాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కళ్ళద్దాల దుకాణానికి నెలకు నాలుగు వ్యాసాలు, రెండు స్క్రిప్టులు రాస్తోంది. ఆ పని పరుపుల పేజీ చూసి వచ్చిందే. కళ్ళద్దాల యజమాని ఆమె చదువు ఎంతని అడగలేదు. "మా దుకాణంలో కూడా గంటసేపు కూర్చుని రాసుకుంటావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

దాతలకు మా మనవి కూడా ఆ గంటే. ఈ ఏడు మా దగ్గరికి మరో ఐదుగురు పిల్లలు వచ్చారు. వారికి వ్యాసం, స్క్రిప్టు రాయించుకోవడం మా చేతిలో పని. మూడో నమూనాకు మాత్రం నిజమైన దుకాణం కావాలి, ఆసుపత్రి కావాలి, కోచింగ్ సెంటర్ కావాలి. మీ దగ్గరికి వచ్చేవారు ఏమడుగుతారో ఒక సాయంత్రం పక్కన కూర్చుని రాసుకోనివ్వండి. వచ్చిన పేజీ మీకు నచ్చితే వాడుకోండి, వాడుకుంటే దానికి తగిన వెల ఇవ్వండి. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో గీత గీసి పంపండి. దిద్దించి మళ్ళీ పంపే పూచీ మాది.